నోటీసులకు గడువులోగా సమాధానమివ్వాలి, లెక్కలు భద్రపరచుకోవాలి: చల్లపల్లి వర్తకులకు సంఘం కార్యదర్శి సూచన

చల్లపల్లి: పన్నుల శాఖ జారీ చేసిన నోటీసుకు గడువులోగా సమాధానమివ్వని వర్తకుడు, తన పక్షాన ఎంత న్యాయమున్నా దానిని వినిపించుకొనే అవకాశాన్ని తానే వదులుకొన్నవాడవుతాడని కృష్ణా జిల్లా చల్లపల్లిలోని వర్తకుల సంఘం కార్యదర్శి పేర్కొన్నారు. సంఘ సభ్యులతో జరిగిన సమావేశంలో ఆయన ప్రసంగిస్తూ వస్తు సేవల పన్ను చట్టం కింద వచ్చే నోటీసుల స్వరూపాన్ని, వాటికి సమాధానమిచ్చే విధానాన్ని, అందుకు అవసరమయ్యే రికార్డులను సోదాహరణంగా వివరించారు. కిరాణా, ఎరువులు, ఇనుము, వస్త్ర, ధాన్య వ్యాపారులు ఈ సమావేశానికి హాజరయ్యారు. ప్రసంగంలోని ముఖ్యాంశాలను సంబంధిత అధికారుల, పాత్రికేయుల సమాచారార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

నోటీసు అనగానే జరిమానా పడినట్లుగా భావించడం మొదటి పొరపాటని కార్యదర్శి అన్నారు. నోటీసు ఒక ప్రశ్న మాత్రమేనని, సమాధానం విన్న తరువాత వెలువడే ఉత్తర్వు వేరని ఆయన స్పష్టం చేశారు. పత్రికలలో సైతం "నోటీసు అందుకున్న వ్యాపారి" అనే మాటకు "పన్ను ఎగవేసిన వ్యాపారి" అనే అర్థం వచ్చేట్లు వార్తలు కనిపిస్తున్నాయని, ఈ రెంటికీ గల తేడాను పాత్రికేయ మిత్రులు గమనించవలసిందిగా కోరారు. ఈ మాటలో వాస్తవముంది. శాఖ కంప్యూటర్లు రెండు పత్రాలలోని అంకెలను పోల్చి, తేడా కనిపించినచోట నోటీసుకు దారి తీస్తాయి. ఆ తేడాకు కారణమేమిటో కంప్యూటరుకు తెలియదు. అది చెప్పవలసినది వర్తకుడే.

చిన్న పట్టణాల వర్తకులకు ఎక్కువగా వచ్చే నోటీసులను ఆయన క్లుప్తంగా పరిచయం చేశారు. రిటర్ను దాఖలు చేయకపోతే వచ్చే జి.ఎస్.టి.ఆర్.-3ఏ నోటీసుకు 15 రోజుల గడువు ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయరాదో తెలుపమని కోరే ఆర్.ఇ.జి.-17 నోటీసుకు 7 పనిదినాలు మాత్రమే ఉంటాయి. రిటర్నులలోని తేడాలపై వివరణ కోరే ఏ.ఎస్.ఎం.టి.-10 నోటీసుకు గరిష్ఠంగా 30 రోజుల వ్యవధి లభిస్తుంది. దీనికి సమాధానాన్ని ఏ.ఎస్.ఎం.టి.-11 నమూనాలో ఇవ్వాలి. ఆ సమాధానం అందకపోయినా, అధికారికి సంతృప్తికరంగా లేకపోయినా డి.ఆర్.సి.-01 అనే షోకాజ్ నోటీసు వస్తుంది. దానికి డి.ఆర్.సి.-06లో బదులివ్వాలి. చివరిగా వెలువడేది డి.ఆర్.సి.-07 ఉత్తర్వు. ఇందులో పన్ను, వడ్డీ, జరిమానా అన్నీ ఖరారవుతాయి. ఈ మెట్లలో ఏ.ఎస్.ఎం.టి.-10 దశ వర్తకునికి అత్యంత అనుకూలమైనదని కార్యదర్శి నొక్కిచెప్పారు. ఆ దశలో వివరణ అంగీకరించబడితే ఏ.ఎస్.ఎం.టి.-12 జారీ అయి వ్యవహారం అక్కడితో ముగుస్తుంది.

నోటీసు వచ్చినట్లు తెలియకపోవడమే చాలా సందర్భాలలో అసలు చిక్కు. వ్యాట్ కాలంలో నోటీసును అధికారి మనిషి దుకాణానికి తెచ్చి సంతకం తీసుకొనేవాడు, లేదా రిజిస్టరు పోస్టులో వచ్చేది. ప్రస్తుత చట్టంలోని 169వ సెక్షను ప్రకారం వ్యక్తిగతంగా అందజేయడం, తపాలా, ఈ-మెయిల్ వంటి పద్ధతులతో పాటు ఉమ్మడి పోర్టల్‌లో ఉంచడం కూడా నోటీసు అందజేసే పద్ధతులలో ఒకటి. పోర్టల్‌లో సైతం నోటీసులు ఒకేచోట ఉండవు. కొన్ని View Notices and Orders అనే శీర్షిక కింద, మరికొన్ని View Additional Notices/Orders అనే శీర్షిక కింద కనిపిస్తాయి. మొదటిదానిని మాత్రమే చూసి ఏమీ లేదనుకొన్నవారు అనేకులు. ఈ కారణంగా ఉత్తర్వు వెలువడే వరకు విషయమే తెలియలేదని వర్తకులు కోర్టులను ఆశ్రయించగా, మద్రాసు హైకోర్టు పలు కేసులలో వివాదాస్పద పన్నులో 10 శాతం చెల్లించాలనే షరతుపై మళ్లీ విచారణకు అవకాశమిచ్చింది. అయితే అది కోర్టు దయతో లభించిన అవకాశమే తప్ప వర్తకుడు హక్కుగా అడగగలిగినది కాదని కార్యదర్శి గుర్తుచేశారు. నెలకు రెండు మార్లు, అంటే రిటర్ను వేసే రోజున ఒకసారి, నెల మధ్యలో మరొకసారి ఈ రెండు శీర్షికలనూ తెరచి చూసి, చూసిన తేదీని ఒక పుస్తకంలో రాసుకొనవలసిందిగా ఆయన సూచించారు.

గడువు దాటితే ఏమవుతుందో తెలుపుటకు ఆయన మన రాష్ట్రంలోనే ఉద్భవించిన ఒక వ్యాజ్యాన్ని ఉదహరించారు. దవళేశ్వరంలో హార్లిక్స్ కర్మాగారం నడిపిన గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ సంస్థపై, 2013-14 సంవత్సరానికి సంబంధించి ఆంధ్రప్రదేశ్ వ్యాట్ చట్టం, 2005 కింద కాకినాడలోని అధికారి 2017 జూన్‌లో పన్ను నిర్ధారణ ఉత్తర్వు జారీ చేశారు. ఆ చట్టం ప్రకారం 30 రోజులలో అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే అప్పీలు అధికారి మరో 30 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించవచ్చు. అంతకుమించి మన్నించే అధికారం ఆయనకు లేదు. కంపెనీ ఆ వ్యవధిలో అప్పీలు చేయలేదు. తప్పు సవరణ కోరుతూ పెట్టుకొన్న దరఖాస్తు తిరస్కరణకు గురైంది. చివరకు 2018 సెప్టెంబరులో, అంటే ఉత్తర్వు అందిన ఏడాదికి పైగా గడచిన తరువాత అప్పీలు దాఖలైంది. పన్ను వ్యవహారాలు చూసే ఉద్యోగి సకాలంలో చర్య తీసుకోకపోవడమే ఆలస్యానికి కారణమని సంస్థ వివరించింది. అప్పీలు కాలాతీతమని తోసివేయబడగా సంస్థ హైకోర్టులో రిట్ వేసింది. 2018 నవంబరులో హైకోర్టు పన్ను నిర్ధారణ ఉత్తర్వును రద్దుచేసి సంస్థకు ఊరట కలిగించింది.

రాష్ట్ర ప్రభుత్వ అధికారులు దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2020 మే 6న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును తోసిపుచ్చింది. చట్టం నిర్దేశించిన గరిష్ఠ గడువు గడచిపోయిన తరువాత, ఆ గడువు లేనట్లుగా భావించి హైకోర్టు రిట్ అధికారంతో జోక్యం చేసుకొనరాదని పేర్కొంది. ఉద్యోగి నిర్లక్ష్యం అనే కారణం నిలువలేదు. న్యాయవాదులను, లెక్కల నిపుణులను నియమించుకోగల పెద్ద సంస్థకే ఆ కారణం పనికిరానప్పుడు, "మా గుమాస్తా చెప్పలేదు" అనే చిన్న వర్తకుని మాట ఎంతవరకు చెల్లుతుందో ఆలోచించుకోవాలని కార్యదర్శి అన్నారు. ఈ తీర్పు వ్యాట్ చట్టం కింద వచ్చినదైనా జి.ఎస్.టి. వ్యాజ్యాలలోనూ శాఖ తరఫున తరచుగా ఉదహరింపబడుతోంది. జి.ఎస్.టి.లో మొదటి అప్పీలుకు 3 నెలల గడువు, ఆపై మన్నించదగిన ఆలస్యం ఒక నెల మాత్రమే. తప్పు సవరణ దరఖాస్తు వేసినంత మాత్రాన ఈ గడియారం ఆగదని, ఆ దరఖాస్తు ఫలితం కోసం వేచి ఉండి అప్పీలు గడువును పోగొట్టుకొనరాదని ఆయన ప్రత్యేకంగా హెచ్చరించారు.

తరువాత ఆయన ఒక ఊహాత్మక ఉదాహరణను నల్లబల్లపై లెక్కకట్టి చూపించారు. ఇనుము, పైపులు, రంగులు అమ్మే ఒక దుకాణదారు ఉన్నాడనుకొందాం. 2023-24 సంవత్సరానికి ఆయన జి.ఎస్.టి.ఆర్.-3బి రిటర్నులలో తీసుకొన్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ 6,40,000 రూపాయలు. ఆయనకు సరుకు అమ్మినవారు తమ రిటర్నులలో చూపినదాని ఆధారంగా పోర్టల్ తయారుచేసే జి.ఎస్.టి.ఆర్.-2బిలో ఉన్నది 5,86,000 రూపాయలు. తేడా 54,000 రూపాయలు. దీనిపై ఆయనకు 2025 అక్టోబరులో ఏ.ఎస్.ఎం.టి.-10 నోటీసు వచ్చింది.

ఆ దుకాణదారు బిల్లుల కట్టలు విప్పి చూడగా తేడాకు మూడు కారణాలు కనిపించాయి. మొదటిది, మార్చి 30న వచ్చిన ఇనుప చువ్వల బిల్లు. దానిపై పన్ను 30,600 రూపాయలు. అమ్మినవారు దానిని మార్చి రిటర్నులో కాక ఏప్రిల్ రిటర్నులో చూపారు. అందువల్ల అది ఏప్రిల్ 2024 నాటి 2బిలో కనిపించింది. మన దుకాణదారు మాత్రం మార్చిలోనే క్రెడిట్ తీసుకొన్నాడు. రెండవది, పైపుల బిల్లుపై 18,000 రూపాయలు. టోకు వ్యాపారి దానిని పొరపాటున రిజిస్ట్రేషన్ లేని వినియోగదారునికి అమ్మినట్లు నమోదు చేశాడు. అది ఏ నెల 2బిలోనూ రాలేదు. మూడవది, దుకాణం గుమాస్తా ఒకే రంగుల బిల్లును రెండుసార్లు ఎక్కించడం వలన అధికంగా తీసుకొన్న 5,400 రూపాయలు.

ఒకే 54,000 రూపాయల అంకెలో మూడు రకాల వ్యవహారాలు ఇమిడి ఉన్నాయని, మూడింటికీ ఒకే సమాధానం పనికిరాదని కార్యదర్శి వివరించారు. మొదటి బిల్లు విషయంలో క్రెడిట్ న్యాయమైనదే, ఒక నెల ముందుగా తీసుకోవడమే దోషం. 2023-24లో 2బి కంటే 3బి ఎక్కువగా కనిపిస్తే, 2024-25లో అంతే మొత్తానికి 2బి ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్క సంవత్సరాన్ని మాత్రమే పోల్చే కంప్యూటరుకు ఇది తట్టదు. కనుక ఏప్రిల్ 2024 నాటి 2బి ప్రతిని, ఆ నెలలో అదే క్రెడిట్‌ను మళ్లీ తీసుకోలేదని చూపే పట్టికను సమాధానానికి జతపరచాలి. ముందుగా తీసుకొని వాడుకొన్న ఒక నెలకు 18 శాతం చొప్పున వడ్డీ 459 రూపాయలు అవుతుంది. మూడవదైన 5,400 రూపాయల విషయంలో వాదించడానికి ఏమీ లేదు. డి.ఆర్.సి.-03 ద్వారా వడ్డీతో సహా చెల్లించి, చెల్లింపు సంఖ్యను సమాధానంలో పేర్కొనాలి. ఒప్పుకోవలసినదానిని మొదటే ఒప్పుకొంటే మిగిలిన వాదనకు బలం చేకూరుతుందనేది ఆయన అభిప్రాయం.

రెండవ బిల్లు బాధాకరమైనది. సరుకు వచ్చింది, డబ్బు చెల్లించడం జరిగింది, అమ్మినవాడు పన్ను కట్టాడు కూడా. అయినప్పటికీ 2022 జనవరి 1 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం అమ్మినవాని వివరాలలో చేరి 2బి ద్వారా తెలియపరచబడిన క్రెడిట్‌నే తీసుకోవాలి. టోకు వ్యాపారి తన నమోదును సవరించుకోవచ్చు. కాని దానికీ గడువు ఉంది. సంవత్సరం ముగిసిన తరువాత వచ్చే నవంబరు 30 లేదా వార్షిక రిటర్ను దాఖలు చేసిన తేదీ, ఏది ముందైతే అది. 2023-24కు ఆ తేదీ 2024 నవంబరు 30తో గడచిపోయింది. నోటీసు వచ్చేసరికి ఏడాది ఆలస్యమైంది. ఆ 18,000 రూపాయలు కట్టి, టోకు వ్యాపారి నుండి రాబట్టుకోవలసిన స్థితి ఏర్పడింది. ప్రతి నెల 14వ తేదీన తయారయ్యే 2బిని తన కొనుగోలు పుస్తకంతో పోల్చుకొని ఉంటే, బిల్లు లేని సంగతి మొదటి నెలలోనే బయటపడి ఒక్క ఫోనుతో సరిపోయేది. నెలనెలా పోల్చుకొనే ఈ పని చిన్న దుకాణానికి ఒక పూట పడుతుందని, అది కూడా అన్ని బిల్లులూ ఒకేచోట ఉన్నప్పుడేనని ఆయన తెలిపారు.

ఈ దుకాణదారు గడువులోగా సమాధానమిచ్చి, 18,000, 5,400 కలిపి 23,400 రూపాయలు చెల్లించాడనుకొందాం. 18 నెలలకు వడ్డీ 6,318 రూపాయలు, మొదటి బిల్లుపై వడ్డీ 459 రూపాయలు కలుపుకొంటే మొత్తం 30,177 రూపాయలు. 2023-24కు వర్తించే 73వ సెక్షను ప్రకారం షోకాజ్ నోటీసుకు ముందే పన్ను, వడ్డీ చెల్లించినవారిపై జరిమానా లేదు. షోకాజ్ నోటీసు వచ్చిన 30 రోజులలోగా చెల్లించినా లేదు. అదే ఆయన నోటీసును చూడక, సమాధానమివ్వక, మరో సంవత్సరం తరువాత డి.ఆర్.సి.-07 ఉత్తర్వు వెలువడిందనుకొందాం. అప్పుడు పన్ను మొత్తం 54,000. 30 నెలల వడ్డీ 24,300. జరిమానా పన్నులో 10 శాతం లేదా 10,000 రూపాయలలో ఏది ఎక్కువైతే అది. కేంద్ర, రాష్ట్ర చట్టాల కింద విడివిడిగా లెక్కిస్తే 20,000. వెరసి 98,300 రూపాయలు. అదనంగా పడిన 68,123 రూపాయలలో న్యాయంగా ఆయన బాకీపడినది ఎంతో తక్కువని, ఆ తేడా అంతా మౌనానికి చెల్లించిన మూల్యమని కార్యదర్శి అనగా సభలో కొంతసేపు నిశ్శబ్దం నెలకొంది. వడ్డీ లెక్కలు క్రెడిట్‌ను అప్పుడే వాడుకొన్నట్లు భావించి వేసినవని, ఖాతాలో నిల్వ ఉండి వాడనిపక్షంలో వడ్డీ మారుతుందని ఆయన చెప్పారు.

అప్పీలులో చూసుకోవచ్చని కొందరు సభ్యులు అనగా, అప్పీలు మార్గం అనుకొన్నంత సులువు కాదని ఆయన సమాధానమిచ్చారు. అప్పీలు చేయడానికి వివాదాస్పద పన్నులో 10 శాతం, అంటే ఈ ఉదాహరణలో 5,400 రూపాయలు ముందుగా చెల్లించాలి. అంతకన్నా ముఖ్యమైనది 112వ నిబంధన. దిగువ అధికారి ముందు చూపని పత్రాలను అప్పీలులో కొత్తగా చూపడానికి సాధారణంగా వీలులేదు. అధికారి వాటిని స్వీకరించ నిరాకరించారనో, తగినంత కారణం వల్ల అప్పుడు చూపలేకపోయామనో, అవకాశమే ఇవ్వలేదనో నిరూపించాలి. నోటీసు పోర్టల్‌లో ఏడాదిపాటు ఉన్నప్పుడు ఈ మాట చెప్పడం కష్టం. కాబట్టి ఏప్రిల్ 2బి ప్రతిని చూపవలసిన సరైన చోటు మొదటి సమాధానమే. ఉత్తర్వు అందిన 3 నెలలలోగా డబ్బు చెల్లించక, అప్పీలు చేయకపోతే బ్యాంకు ఖాతాను జప్తు చేసే అధికారం శాఖకు ఉన్నదని కూడా ఆయన తెలిపారు.

సమాధానం రాసే తీరుపై ఆయన కొంత వివరంగా మాట్లాడారు. "అన్నీ సక్రమంగా ఉన్నవి, నోటీసు ఉపసంహరించగలరు" అని రెండు పంక్తులు రాయడం సమాధానం ఇవ్వకపోవడంతో సమానమని వ్యాఖ్యానించారు. నోటీసులో ఎన్ని అంకెలున్నాయో అన్నింటికీ వరుసగా వివరణ ఉండాలి. ప్రతి వివరణకు ఏ పత్రం ఆధారమో దాని పేజీ సంఖ్య ఉండాలి. డి.ఆర్.సి.-06లో వ్యక్తిగత విచారణ కోరుతున్నారా అన్న గడి ఉంటుంది. దానిలో తప్పక అవునని గుర్తించాలి. వర్తకుడు రాతపూర్వకంగా కోరినప్పుడు, లేదా ఆయనకు ప్రతికూలంగా నిర్ణయించదలచినప్పుడు విచారణ అవకాశమివ్వాలని 75వ సెక్షను చెబుతోంది. పత్రాలు సమకూర్చుకోవడానికి సమయం చాలకపోతే గడువు ముగియకముందే కారణం తెలుపుతూ వాయిదా కోరాలి. తగిన కారణంపై ఒక పక్షానికి 3 వాయిదాల వరకే చట్టం అనుమతిస్తుంది. మూడింటినీ ఆడిటరు ఊరిలో లేరనే కారణంతో ఖర్చు చేసుకొంటే అవసరమైనప్పుడు నాలుగవది దొరకదు.

అధికారి సంతకం లేని ఉత్తర్వు చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2023లో చెప్పిన సంగతిని ఒక సభ్యుడు ప్రస్తావించగా, అది నిజమేనని, అయితే ఆ లోపాన్ని నమ్ముకొని సమాధానం మానుకోవడం మంచిది కాదని కార్యదర్శి అన్నారు. అటువంటి కేసులలో కోర్టులు సాధారణంగా శాఖకు సక్రమమైన ఉత్తర్వు మళ్లీ జారీ చేసుకొనే స్వేచ్ఛను ఇస్తున్నాయి. లోపాన్ని సమాధానంలో ఒక అంశంగా రాసి, అసలు విషయంపై కూడా పూర్తి వివరణ ఇవ్వాలని సూచించారు. ఈ-మెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో వచ్చిన నోటీసు నిజమైనదో కాదో అనుమానం కలిగితే, దానిపై ఉన్న రిఫరెన్సు సంఖ్యను పోర్టల్‌లో సరిచూసుకొనే సదుపాయం ఉన్నదని, అంతవరకు ఎవరికీ డబ్బు పంపరాదని తెలిపారు.

రికార్డుల విషయానికి వస్తూ, కొనుగోలు బిల్లు, బ్యాంకు చెల్లింపు ఉంటే చాలునన్న నమ్మకం వ్యాపారులలో బలంగా ఉన్నదని, దానిని విడనాడవలసి ఉన్నదని కార్యదర్శి పేర్కొన్నారు. ఈకామ్ గిల్ కాఫీ ట్రేడింగ్ సంస్థకు, కర్ణాటక రాష్ట్రానికి మధ్య వచ్చిన వ్యాజ్యంలో 2023 మార్చి 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆయన ప్రస్తావించారు. క్రెడిట్ కోరే కొనుగోలుదారు సరుకు నిజంగా తన వద్దకు చేరినదని రుజువు చేయాలని, బిల్లు, చెక్కు ద్వారా చెల్లింపు మాత్రమే అందుకు చాలవని న్యాయస్థానం పేర్కొంది. సరుకు తెచ్చిన వాహనం సంఖ్య, రవాణా కిరాయి చెల్లింపు, సరుకు ముట్టినట్లు రసీదు వంటివి చూపాలని వివరించింది. అది కర్ణాటక వ్యాట్ చట్టం కింద వచ్చిన తీర్పు. అయినా క్రెడిట్‌కు అర్హతను రుజువు చేసే బాధ్యత వర్తకునిదేనన్న నియమం జి.ఎస్.టి.లోనూ ఉంది.

దీనిని బట్టి ఒక్కొక్క కొనుగోలుకు ఒక్కొక్క చిన్న కట్ట ఉండాలని ఆయన వివరించారు. అందులో బిల్లు, ఈ-వే బిల్లు, లారీ రసీదు, కాటా చీటీ, కిరాయి ఓచరు, బ్యాంకు పద్దు తేదీ ఉండాలి. సరుకు దించిన రోజున స్టాకు పుస్తకంలో పడిన పేజీ సంఖ్యను బిల్లుపై ఎర్రసిరాతో వేసుకోవాలి. విజయవాడ నుండి వచ్చే లారీ ఒకే ప్రయాణంలో నాలుగు దుకాణాలకు సరుకు దించడం ఇక్కడ మామూలు. కిరాయి రసీదు మొదటి దుకాణం దగ్గరే ఉండిపోతుంది. మిగిలిన ముగ్గురి దగ్గర రవాణా ఆధారమే ఉండదు. డ్రైవరు చేత తమ బిల్లు వెనుక వాహనం సంఖ్య, తేదీ రాయించి సంతకం తీసుకోవడం అరనిమిషం పనేనని ఆయన అన్నారు. ఈ ఒక్క సూచనను సభ్యులు చాలామంది రాసుకోవడం కనిపించింది.

భద్రపరచవలసిన కాలం విషయంలో కూడా అపోహ ఉన్నదని కార్యదర్శి తెలిపారు. 36వ సెక్షను చెప్పే 72 నెలలు ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుండి కాక, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి లెక్కించాలి. 2023-24కు వార్షిక రిటర్ను గడువు 2024 డిసెంబరు 31 కనుక ఆ సంవత్సరపు లెక్కలు 2030 డిసెంబరు 31 వరకు ఉంచాలి. ఏదైనా వివాదం అప్పీలులోనో, కోర్టులోనో ఉంటే అది తేలిన తరువాత ఒక సంవత్సరం వరకు, లేదా పై గడువు వరకు, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉంచాలి. పాత పుస్తకాలను దీపావళికి ముందు దుకాణం దులిపేటప్పుడు తూకానికి వేసే అలవాటును ఆయన ఈ సందర్భంలో ప్రస్తావించారు. దులపవలసినదేనని, ఏ సంవత్సరానివి తీసివేయవచ్చో అట్టపై ముందే తేదీ వేసి ఉంచితే గుమాస్తాకు సందేహం ఉండదని చెప్పారు.

కాటా చీటీలు, కొన్ని రవాణా రసీదులు వేడితో అచ్చయ్యే నున్నని కాగితంపై వస్తున్నాయి. డెల్టా ఉక్కకు, ఎండకు అవి కొద్ది నెలలలోనే తెల్లబడిపోతాయి. ఆరేళ్ల తరువాత చూపవలసివస్తే తెల్లకాగితమే మిగులుతుంది. వచ్చిన వెంటనే జిరాక్సు తీసి లేదా ఫోటో తీసి బిల్లుతో కలిపి ఉంచాలని ఆయన సూచించారు. వరదల మాట కూడా ఈ ప్రాంతంలో మరువరానిది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లు, దుకాణాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. నేలపై అరలలో ఉన్న పుస్తకాలకు అటువంటి స్థితిలో రక్షణ ఉండదు. 1977 ఉప్పెనను చూసిన దివిసీమ పెద్దలకు ఇది వేరుగా చెప్పవలసిన పని లేదు. కంప్యూటరులోని లెక్కలకు మరొక ప్రతిని దుకాణంలో కాక వేరొక చోట ఉంచాలని, కాగితాలను పై అరలలో ప్లాస్టిక్ పెట్టెలలో పెట్టాలని, ప్రమాదం సంభవిస్తే నష్టపోయిన రికార్డుల జాబితాతో వెంటనే అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలని కార్యదర్శి కోరారు. నోటీసు వచ్చిన తరువాత వరదలో పోయాయని చెప్పడానికి, వరద వచ్చిన వారంలోనే తెలియజేసి ఉండడానికి చాలా తేడా ఉంటుంది.

రిజిస్ట్రేషన్ రద్దు విషయమై ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు బదులిస్తూ, నెలవారీ రిటర్ను దాఖలు చేయవలసినవారు వరుసగా 6 నెలలు మానివేస్తే రద్దుకు అవకాశమున్నదని, రద్దయిన తరువాత పునరుద్ధరణకు 90 రోజులలోగా దరఖాస్తు చేసుకోవాలని తెలిపారు. వ్యాపారం జరగని నెలలో సైతం శూన్య రిటర్ను వేయాలని, దానికి ఎస్.ఎం.ఎస్. సదుపాయం కూడా ఉన్నదని చెప్పారు.

చివరగా, రిజిస్ట్రేషన్ సమయంలో ఇచ్చిన ఫోను నంబరు, ఈ-మెయిల్ ఎవరివో ఎంతమందికి తెలుసునని కార్యదర్శి సభ్యులను ప్రశ్నించారు. చేతులు లేపినవారు తక్కువ. 2017లో జి.ఎస్.టి. ప్రారంభమైనప్పుడు చాలామంది రిజిస్ట్రేషన్ పనిని లెక్కలు రాసేవారికి అప్పగించగా, వారు తమ నంబరునే నమోదు చేశారు. ఇప్పుడు ఆ వ్యక్తి వేరొక ఊరికి వెళ్లి ఉండవచ్చు, లేదా యాభైమంది వర్తకుల నోటీసులు ఒకే ఫోనుకు వస్తూ ఉండవచ్చు. నోటీసు జారీ అయినట్లు వచ్చే సందేశం వర్తకునికి చేరదు. దీనిని మార్చుకోవడానికి పోర్టల్‌లో Services, Registration శీర్షికల కింద Amendment of Registration Non-Core Fields అనే సదుపాయం ఉన్నదని, కొత్త నంబరుకు, ఈ-మెయిల్‌కు వచ్చే ఓ.టి.పి.ని నమోదు చేస్తే సరిపోతుందని ఆయన వివరించారు. సమావేశం ముగిసిన తరువాత, తమ నంబరు ఏదో చూసుకోదలచిన సభ్యులు సంఘ కార్యాలయంలోని కంప్యూటరు వద్ద వరుసలో నిలబడ్డారు.